నోటీసులో మూడు ప్రశ్నలు: ఏం చేయమంటున్నారు, ఎప్పటిలోగా, ఎవరికి
(ఉద్యోగులు, పెన్షనర్ల సమావేశంలో ఒక టాక్స్ ప్రాక్టీషనర్ చేసిన ప్రసంగ పాఠం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీలో ఎంతమందికి ఆదాయపు పన్ను శాఖ నుంచి ఎప్పుడైనా నోటీసు వచ్చింది? చేతులు ఎత్తండి. సరే, చాలామందికే వచ్చింది. ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ నోటీసును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మీరే చదివిన వాళ్ళెంతమంది? చూశారా, సగానికి సగం చేతులు దిగిపోయాయి. మిగతా వాళ్ళు ఏం చేశారో నాకు తెలుసు. పైన "నోటీసు" అన్న మాట చూశారు, కింద సెక్షన్ నంబరు చూశారు, గుండె దడ మొదలైంది, వెంటనే ఫోటో తీసి ఎవరికో వాట్సాప్ చేశారు. అవునా?

తప్పు మీది కాదు. ఆ కాగితం రాసే తీరే అలా ఉంటుంది. కానీ ఈ ఇరవై ఏళ్ళలో నా దగ్గరకు వచ్చిన నోటీసుల్లో ఎక్కువ వాటికి కావాల్సింది మూడే ప్రశ్నలకు జవాబు. నన్ను ఏం చేయమంటున్నారు? ఎప్పటిలోగా? ఎవరికి జవాబు చెప్పాలి? ఈ మూడూ కాగితంలోనే ఉంటాయి. కానీ ఒక్క చోట ఉండవు, మూడు చోట్ల ఉంటాయి. పైగా మనం మొదట చూసే చోట ఉండవు. ఈరోజు ఒకే ఒక్క నోటీసు తీసుకుని ఆ మూడు చోట్లూ చూపిస్తాను. పది రకాలు చెబితే ఇంటికి వెళ్ళేసరికి ఒక్కటీ గుర్తుండదు.

ఆ నోటీసు పేరు 139(9). అంటే ఆదాయపు పన్ను చట్టం, 1961లో 139వ సెక్షన్, 9వ ఉపవిభాగం. మీరు వేసిన రిటర్న్‌లో లోపం ఉంది, సరిదిద్దండి అని చెప్పే నోటీసు. మీరు తప్పు చేశారనీ, పన్ను ఎగ్గొట్టారనీ అందులో ఉండదు. "మీ దరఖాస్తు అసంపూర్ణంగా ఉంది, పూర్తి చేసి తెండి" అని ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా చెప్పినట్టు అనుకోండి. ఒక్క తేడా. ఇక్కడ మీరు మళ్ళీ తేకపోతే, మొదట ఇచ్చిన దరఖాస్తు కూడా ఇవ్వనట్టే లెక్క.

ఒక టీచరమ్మ కథ చెబుతాను. పేరు వద్దు. యాభై రెండేళ్ళు, ప్రైవేటు స్కూల్లో పని. 2022-23 ఆర్థిక సంవత్సరానికి పాత పన్ను విధానంలో గడువులోపే రిటర్న్ వేశారు. అన్ని మినహాయింపులూ పోను జీతం మీద పన్ను వేయాల్సిన ఆదాయం సుమారు ఏడు లక్షలు. స్కూలు వాళ్ళు ఆ పన్ను పూర్తిగా కోశారు. ఇక బ్యాంకులో ఆమెకు ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఆ ఏడాది దాని మీద 62,000 వడ్డీ వచ్చింది. బ్యాంకు పది శాతం, అంటే 6,200 టీడీఎస్ కోసింది. రిటర్న్ వేసేటప్పుడు ఆ 6,200 స్క్రీన్ మీద దానంతట అదే వచ్చింది. ఆమె దాన్ని ఉంచేశారు. వడ్డీని మాత్రం ఆదాయంలో చూపించలేదు. ఫలితం ఏమిటి? రిటర్న్‌లో 6,200 రిఫండ్ కనిపించింది. ఆమె సంతోషించారు.

2023 అక్టోబర్ 10 తేదీతో నోటీసు వచ్చింది. ఈమెయిల్‌లో. అది చెత్త మెయిళ్ళ ఫోల్డర్‌లో పడి ఉంది. అక్టోబర్ 19 సాయంత్రం ఆమె దాన్ని చూశారు. మర్నాడు పొద్దున్నే ప్రింటు తీసుకుని నా దగ్గరకు వచ్చారు. మొదటి మాట ఏమన్నారో తెలుసా? "సార్, నా మీద కేసు పెట్టారా?"

నేను కాగితం నా చేతిలోకి తీసుకోలేదు. ఆమె చేతే చదివించాను. మీకూ అలాగే చదివిస్తాను.

పైభాగంలో ఏముంటుంది? మీ పేరు, చిరునామా, పాన్. అవి మీవేనా కాదా చూసుకోండి, అంతే. తర్వాత డిన్ అనే పొడవాటి నంబరు, దాని పక్కన తేదీ. ఆ తేదీని పెన్నుతో చుట్టండి, గడువు అక్కడి నుంచే పుడుతుంది. తర్వాత అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24 అని ఉంది. ఇక్కడ చాలామంది పడతారు. ఆమె కూడా పడ్డారు. 2023-24 అని చూసి, 2023 ఏప్రిల్ నుంచి ఉన్న బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీలు పట్టుకొచ్చారు. అమ్మా, అసెస్‌మెంట్ సంవత్సరం అంటే లెక్క తేల్చే సంవత్సరం. మీరు డబ్బు సంపాదించింది దానికి ముందు ఏడాది. అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24 అని ఉంటే మీరు తీయాల్సిన కాగితాలు 2022 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 వరకు. ఒక ఏడాది వెనక్కి జరపండి. ఇది గుర్తు పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. తప్పు ఏడాది కాగితాలు ముందు పెట్టుకుని "వాళ్ళు చెప్పేది నా లెక్కకు కలవడం లేదే" అని నాలుగు రోజులు తల పట్టుకున్న వాళ్ళను నేను చూశాను.

ఇంకో మాట, ఇది చెప్పకపోతే తప్పవుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ నంబర్లు మారాయి. అంతకుముందు ఆర్థిక సంవత్సరాల రిటర్న్‌లకు మాత్రం పాత చట్టమే, పాత నంబర్లే. కాబట్టి నంబరు కంఠస్థం చేయకండి. నంబరు పక్కన ఏ చట్టం, ఏ సంవత్సరం అని ఉందో అది చదవండి. నంబరు ఏదైనా మన మూడు ప్రశ్నలు అవే.

సరే, ఇక అసలు విషయం. మొదటి ప్రశ్న, ఏం చేయమంటున్నారు? ఆమె రెండో పేరా చదివి ఆగిపోయారు. ఎందుకు? అది అన్ని నోటీసుల్లోనూ ఒకేలా ఉండే పేరా. చట్టం మాటలు, "లోపభూయిష్టమైనదిగా పరిగణించబడుతుంది" లాంటివి. అందులో మీ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. అలాంటి పేరాను చూపుతో దాటేసి ముందుకు వెళ్ళండి, కంగారు పడకండి. మీ గురించి ఉండేది కింద ఉన్న పట్టికలో, లేదా చివర జతచేసిన పేజీలో. ఈ నోటీసులో ఆ పట్టికలో మూడు విషయాలు ఉంటాయి. లోపం కోడ్, లోపం వివరణ, దాన్ని ఎలా సరిచేయొచ్చో ఒక సూచన. మీకు పనికొచ్చేవి ఆఖరి రెండూ. ఆమె నోటీసులో వివరణ ఇది: మీరు టీడీఎస్ క్లెయిమ్ చేశారు, కానీ ఆ టీడీఎస్ ఏ ఆదాయం మీద కోశారో ఆ ఆదాయాన్ని రిటర్న్‌లో చూపించలేదు. మీకు అర్థమైందా? నాకు మాత్రం ఆ ఒక్క వాక్యంతో మొత్తం తేలిపోయింది. పాన్ మీద కోసిన పన్నులన్నీ చూపించే 26ఏఎస్ తెరిచి చూశాం, బ్యాంకు పేరు, 62,000, 6,200. ఆమె అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, "అయ్యో, ఇంతేనా" అన్నారు. అప్పటిదాకా పొద్దున టిఫిన్ కూడా చేయలేదట.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఇక్కడ ఒక అడ్డదారి ఉంది, చాలామంది దానిలోకి వెళతారు. "టీడీఎస్ క్లెయిమ్ తీసేస్తే సరిపోదా? 6,200 పోతే పోయింది" అని. కాదండీ. వడ్డీ మీ ఆదాయం. మీరు టీడీఎస్ అడిగినా అడగకపోయినా అది మీ ఆదాయమే, బ్యాంకు ఆ సంగతి శాఖకు చెప్పేసింది కూడా. క్లెయిమ్ తీసేస్తే ఈ నోటీసు పోవచ్చు, వడ్డీ మీద పన్ను బాకీ మాత్రం పోదు. ఆ తర్వాత అది ఇంకో రూపంలో తిరిగి వస్తుంది.

మరి నోటీసులో చెప్పింది నిజంగానే తప్పయితే? అలా కూడా జరుగుతుంది. డిపాజిట్‌లో మీ పేరు మొదట ఉంది, టీడీఎస్ మీ పాన్ మీద పడింది, కానీ ఆ డబ్బు మీ భర్తది, ఆయన తన రిటర్న్‌లో వడ్డీ చూపించారు అనుకోండి. అప్పుడు మీరు చేయాల్సింది "ఒప్పుకోను" అని చెప్పి కారణం రాయడం. నోటీసుకు రెండు జవాబులు ఉంటాయి. ఒప్పుకుంటాను, సరిచేసిన రిటర్న్ ఇస్తాను. లేదా ఒప్పుకోను, ఇదీ కారణం. మూడోది లేదు. మౌనం జవాబు కాదు. మౌనంగా ఉంటే ఏమవుతుందో మొదటే చెప్పాను, వేసిన రిటర్న్ వేయనట్టే.

రెండో ప్రశ్న, ఎప్పటిలోగా? ఈ విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మనుషులు నష్టపోయేది ఇక్కడే.

139(9)లో చట్టం ఇచ్చిన గడువు పదిహేను రోజులు. ఆమె ఏమనుకున్నారు? "నేను పంతొమ్మిదిన చూశాను, పంతొమ్మిదికి పదిహేను కలిపితే నవంబర్ మూడు. బోలెడు టైముంది, దసరా సెలవులయ్యాక చూద్దాం" అనుకున్నారు. తన లెక్క ప్రకారం ఆమె చాలా ముందు వచ్చినట్టు. నిజానికి? నోటీసు తేదీ అక్టోబర్ 10. ఆ రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెడితే పదిహేనో రోజు అక్టోబర్ 25. నా దగ్గరకు వచ్చింది 20న. చేతిలో ఉన్నది ఐదు రోజులు. అందులోనే పండగ.

"నేను మెయిల్ చూడలేదు కదా, చూసిన రోజు నుంచి కదా లెక్క" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం, 2000లో 13వ సెక్షన్ అని ఒకటుంది. ఎలక్ట్రానిక్ సందేశం ఎప్పుడు అందినట్టు అని అది చెబుతుంది. మీరు ఫలానా మెయిల్ అడ్రస్ ఇచ్చి ఉంటే, ఆ మెయిల్‌లోకి సందేశం వచ్చిన క్షణమే అందినట్టు. మీరు తెరిచిన క్షణం కాదు. చెత్త ఫోల్డర్‌లో పడినా అందినట్టే. అందుకే ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మీ మెయిల్, ఫోన్ నంబరు మీవే పెట్టుకోండి. ఎవరో రిటర్న్ వేసిపెట్టిన అబ్బాయి మెయిల్ ఉంటే ఈరోజే మార్చండి. ఇది సలహాగా చెప్పడం లేదు, బతిమాలుతున్నాను.

ఇంకో సంగతి. గడువు అంకె ఒక్కటే చూడకండి, ఆ అంకె ఎక్కడి నుంచి మొదలవుతుందో ఆ మాట చూడండి. ఉదాహరణకు 143(1)(a) కింద, మీ రిటర్న్‌లో ఈ మార్పు చేయబోతున్నాం అని ముందుగా చెప్పే సమాచారం వస్తుంది. దానికి ముప్పై రోజులు. ఆ ముప్పై ఎప్పటి నుంచి? జారీ చేసినప్పటి నుంచి. 156 కింద డిమాండ్ నోటీసు వస్తుంది, ఇంత కట్టండి అని. దానికీ మామూలుగా ముప్పై రోజులే. కానీ అది మీకు అందినప్పటి నుంచి. అంకె ఒకటే, మొదలయ్యే చోటు వేరు. కాబట్టి "రోజులు" అన్న మాట కనిపిస్తే, దాని పక్కన ఉన్న మూడు నాలుగు మాటలు కూడా చదవండి. అనుమానం ఉంటే? నోటీసు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. అలా పెట్టుకున్న వాళ్ళు ఎప్పుడూ నష్టపోలేదు.

లెక్క సరిగ్గా చేశామా అని చూసుకోవడానికి ఒక చోటు ఉంది. పోర్టల్‌లో లాగిన్ అయ్యాక Pending Actions, దాంట్లో e-Proceedings. అక్కడ మీ నోటీసు ఉంటుంది, పక్కనే జవాబుకు ఆఖరు తేదీ ఉంటుంది. ఆమెకు చూపించాను. స్క్రీన్ మీద తేదీ చూశాక కానీ నవంబర్ మూడు సంగతి వదల్లేదు. కాగితం మీద మీ లెక్కా, స్క్రీన్ మీది తేదీ రెండూ వేర్వేరుగా ఉంటే ముందు వచ్చేదాన్ని పట్టుకోండి.

గడువు సరిపోదు అనిపిస్తే? 139(9)లోనే దారి ఉంది. గడువు పొడిగించమని అడగొచ్చు. కానీ గడువు లోపల అడగాలి. ఒకవేళ దాటిపోయాక సరిదిద్దితే, అసెస్‌మెంట్ పూర్తి కాకముందే అయితే, అధికారి ఆ ఆలస్యాన్ని మన్నించొచ్చు అని కూడా చట్టం చెబుతోంది. మన్నించొచ్చు, మన్నించాలి అని లేదు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

మూడో ప్రశ్న, ఎవరికి? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఒక పెద్దాయన ఇలాంటి నోటీసే పట్టుకుని తన ఊరి ఆదాయపు పన్ను ఆఫీసుకు మూడు సార్లు వెళ్ళారు. మూడు సార్లూ వాళ్ళు "ఇది మాది కాదు" అన్నారు. ఆయనకు కోపం వచ్చింది. వాళ్ళు చెప్పింది నిజమే. కానీ మరి ఎవరిది అన్నది ఎవరూ చెప్పలేదు. ఈలోగా గడువు అయిపోయింది.

పైన రాసిన శాఖ పేరు చూసి ఆఫీసు అనుకోకండి. శాఖ పేరు అందరిదీ ఒకటే. నోటీసు ఎవరు జారీ చేశారో చూడండి. రిటర్న్‌లను మొదట చూసేది బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్, సీపీసీ అంటారు. ఆమె నోటీసు అక్కడి నుంచే వచ్చింది. అక్కడికి ఎవరూ వెళ్ళనక్కర్లేదు, ఉత్తరం రాయనక్కర్లేదు. జవాబు ఇచ్చే చోటు e-Proceedings ఒక్కటే. ఏదైనా అర్థం కాకపోతే సీపీసీ ఉచిత ఫోన్ నంబర్లు ఉన్నాయి, 1800 103 0025, 1800 419 0025. రాసుకోండి. మళ్ళీ చెబుతాను, 1800 103 0025, 1800 419 0025.

మరి మన ఊళ్ళో ఉన్న వార్డు ఆఫీసు దేనికి? మీ పాన్ ఏ అధికారి పరిధిలో ఉందో ఆయనను అసెసింగ్ ఆఫీసర్ అంటాం. ఎప్పటిదో పాత బాకీ ఆయన ఆఫీసు రికార్డుల్లో ఉండి, అది తప్పని మీరు చెప్పాలనుకుంటే, అప్పుడు ఆయన దగ్గరకే వెళ్ళాలి. బెంగళూరు వాళ్ళు దాన్ని తీసేయలేరు. మీ అధికారి ఎవరో పోర్టల్ మొదటి పేజీలో Know Your AO అన్న చోట పాన్, ఫోన్ నంబరు ఇస్తే చూపిస్తుంది. కొన్ని నోటీసులు ముఖాముఖి లేని అసెస్‌మెంట్ కేంద్రం నుంచి వస్తాయి, వాటికి కూడా జవాబు పోర్టల్‌లోనే. అంటే నోటీసు చివర్లో "జవాబు ఇలా ఇవ్వండి" అని ఉండే పేరా చదివితే చాలు. పైన ఉన్న చిరునామా కంటే ఆ పేరా మీద నమ్మకం పెట్టుకోండి.

ఈలోగా ఒక ప్రశ్న వచ్చింది, అసలు ఈ నోటీసు నిజమైనదేనా అని. మంచి ప్రశ్న. 2019 అక్టోబర్ 1 నుంచి శాఖ పంపే నోటీసులకు డిన్ నంబరు ఉండాలి. పోర్టల్ తెరిచి, incometax.gov.in, లాగిన్ కాకుండానే Authenticate Notice/Order Issued by ITD అన్న చోట ఆ నంబరు కొట్టండి. ఓటీపీ వస్తుంది. నిజమైనదైతే ఉందని చెబుతుంది. మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కి మాత్రం వెళ్ళకండి, అడ్రస్ మీరే టైప్ చేయండి.

ఆ టీచరమ్మ దగ్గరకు తిరిగి వద్దాం. లెక్క చూడండి. 62,000 మీద ఆమె స్లాబ్‌లో 20 శాతం, 12,400. దాని మీద నాలుగు శాతం సెస్, 496. మొత్తం 12,896. బ్యాంకు కోసిన 6,200 తీసేస్తే 6,696, గుండ్రంగా 6,700. మొదట రిఫండ్ అనుకున్నది ఇప్పుడు కట్టాల్సిన డబ్బుగా మారింది. ఆమె ముఖం చిన్నబోయింది. నేను చెప్పాను, "అమ్మా, బాకీ పది వేల లోపే ఉంది కాబట్టి ముందస్తు పన్ను కట్టలేదని వడ్డీ కూడా పడదు. ఇక్కడితో అయిపోతుంది" అని.

చేసిన క్రమం ఇది. ముందు పోర్టల్‌లో e-Pay Tax లో సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ కింద, అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24 అని చూసుకుని 6,700 కట్టారు. చలాన్ వివరాలు రాసుకున్నారు. తర్వాత రిటర్న్ మళ్ళీ తయారు చేశాం, ఇతర ఆదాయాల్లో 62,000 చేర్చి. కొత్త రిటర్న్‌లా వేయలేదు. 139(9) నోటీసుకు జవాబుగా అని ఎంచుకుని, మొదటి రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, నోటీసు నంబరు, నోటీసు తేదీ ఇచ్చాం. పంపే ముందు నంబర్లన్నీ ఆమె ఒకటి, నేను ఒకటి గట్టిగా చదువుకున్నాం, ఎందుకంటే పంపాక జవాబును వెనక్కి తీసుకోలేం, మార్చలేం. 23వ తేదీ రాత్రి పంపేశాం. రెండు రోజులు మిగిలాయి. అక్నాలెడ్జ్‌మెంట్ ప్రింటు తీసి, నోటీసు వెనక పిన్ను కొట్టి ఫైల్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత కొన్ని వారాలకు 143(1) కింద సమాచారం వచ్చింది. ఆమె లెక్కా, శాఖ లెక్కా పక్కపక్కన రెండు నిలువు వరుసల్లో ఉన్నాయి. రెండూ ఒకటే. కట్టాల్సింది సున్నా.

ఆ కాగితం వచ్చినప్పుడు ఆమె నాకు ఫోన్ చేసి, "సార్, ముందు తేదీ చుట్టాను, తర్వాత పట్టికలోకి వెళ్ళాను, ఏం చేయాల్సింది లేదని నేనే చదువుకున్నాను" అన్నారు.